మంజీర తీరపు వారాంత యాత్ర: శీర్షికలో దూరం, వివరణలో ఋతువు

వారాంతపు ఆలయ యాత్రను ప్రకటించే శీర్షిక, దాని కింద నాలుగైదు వాక్యాల వివరణ చదువరికి ప్రధానంగా రెండు సంగతులు చెప్పాలి: ఎంత దూరం వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి. కరపత్రాలలోనూ ఆదివారం అనుబంధాలలోనూ ఫోనులో చేతులు మారే యాత్రా సూచనలలోనూ ఈ రెండింటినీ వేర్వేరు గళ్ళలో నింపడం అలవాటుగా మారింది. దూరం అంకెగా స్థిరపడిపోతుంది, ఋతువు "ఏడాది పొడవునా దర్శించవచ్చు" అనే మాటలో కరిగిపోతుంది. పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతం నుంచి బయలుదేరే వారికి అందుబాటులో ఉన్న రెండు ముఖ్య క్షేత్రాలు, అంటే ఝరాసంగంలోని కేతకీ సంగమేశ్వరాలయం, ఏడుపాయలలోని వనదుర్గా భవాని ఆలయం, ఈ పద్ధతి ఎంత లోపభూయిష్ఠమో చూపిస్తాయి. మంజీర నది పరీవాహకంలో ఋతువు మారితే దూరమూ మారుతుంది. కాబట్టి ఒకటి చెప్పి మరొకటి దాచిన వివరణ, అందులోని అంకెలన్నీ సరైనవే అయినా, చదువరిని తప్పుదారి పట్టిస్తుంది.

తెలుగులో యాత్రా వివరణకు రెండు పాత దారులున్నాయి. మొదటిది స్థలపురాణం, అంటే ఒక క్షేత్రం ఎలా వెలసిందో, అక్కడి దేవత ఎవరిని ఎలా అనుగ్రహించిందో చెప్పే కథా సంప్రదాయం. ఇది ఫలశ్రుతితో, అనగా ఆ కథ విన్నవారికి, ఆ తీర్థంలో మునిగినవారికి కలిగే పుణ్యాన్ని చెప్పే భాగంతో ముగుస్తుంది. దూరం, కాలం ఇందులో లేకపోలేదు కాని అవి కూడా మహిమలో భాగంగానే వస్తాయి. ఫలానా మాసంలో స్నానం చేస్తే ఎక్కువ ఫలమని చెబుతుందే తప్ప ఆ మాసంలో దారి నడవదగినదిగా ఉంటుందా అన్నది దాని పని కాదు. రెండవ దారి యాత్రాచరిత్ర. 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి బయలుదేరి హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీకి వెళ్ళిన ఏనుగుల వీరాస్వామి తన కాశీయాత్ర చరిత్రలో మజిలీ వెంట మజిలీగా దారిని నమోదు చేశాడు. ప్రాంతాన్ని బట్టి ఎనిమిది నుంచి పది మైళ్ల దాకా మారే ఆమడ అనే కొలతలో దూరం చెబుతూనే, ఆ దూరంలో నేల ఎలాంటిదో, దాటవలసిన వాగులేవో, దిగే ఊళ్ళో సామాను దొరుకుతుందో లేదో కూడా అతడు రాశాడు. ఆమడ నిలకడలేని కొలత కావడం వల్ల ఆ వివరణకు కలిగిన నష్టం చాలా తక్కువ, ఎందుకంటే చదివేవాడికి దూరంతో పాటు ఆ దూరపు స్వభావమూ తెలిసేది. ఈనాటి యాత్రా ప్రకటనలకు కిలోమీటరు అనే కచ్చితమైన కొలత దొరికింది కాని, ఎక్కువ ప్రకటనలు స్థలపురాణపు స్వరాన్ని తీసుకుని ఆ అంకెను దానికి అతికిస్తున్నాయి. వీరాస్వామి పద్ధతికి దగ్గరగా ఉన్నవి చాలా అరుదు.

దూరం విషయంలో మొదటి చిక్కు బయలుదేరే చోటు. "హైదరాబాదుకు సుమారు 110 కిలోమీటర్లు" అన్న మాట ఈ రెండు క్షేత్రాల గురించీ తరచు కనిపిస్తుంది. హైదరాబాదు అన్నప్పుడు నగరపు నడిబొడ్డున ఉన్న నాంపల్లి అనుకోవాలో, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ అనుకోవాలో, బాహ్యవలయ రహదారి దిగే ముత్తంగి అనుకోవాలో ఆ వాక్యం చెప్పదు. పటాన్‌చెరు నగర కేంద్రానికి పశ్చిమాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, యాత్ర సాగే దిక్కులోనే ఉంది. అందువల్ల రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం చుట్టుపక్కల నివసించే వారికి ఆ 110 నుంచి 30 తగ్గుతుంది. ఉప్పల్‌లోనో ఎల్బీనగర్‌లోనో ఉండేవారికి మరో పదిహేను, ఇరవై కలుస్తుంది, దానితో పాటు నగరం దాటే గంట, గంటన్నర కూడా కలుస్తుంది. ఒకే శీర్షిక ఈ రెండు వర్గాల వారికీ ఒకే దూరం చెప్పినప్పుడు ఇద్దరికీ అది అబద్ధమే అవుతుంది. రహదారి పక్కన కనిపించే కిలోమీటరు రాళ్లు కూడా ఇక్కడ ఆదుకోవు. పటాన్‌చెరు మీదుగా పోయే జాతీయ రహదారి పుణె నుంచి మచిలీపట్నం వరకు సాగేది. 2010లో దేశమంతటా రహదారుల సంఖ్యలు మార్చినప్పుడు అది 9 నుంచి 65 అయింది. దాని రాళ్ల మీది లెక్క ఆ రహదారి మొదలును బట్టి ఉంటుంది గాని యాత్రికుడి ఇంటి గుమ్మాన్ని బట్టి ఉండదు.

రెండవ చిక్కు పటం మీది గీతకూ నేల మీది దారికీ ఉన్న తేడా. ఝరాసంగం, ఏడుపాయల ఈ తేడాకు మంచి ఉదాహరణ. పటంపై రెండింటి మధ్య తిన్నగా గీత గీస్తే 50 కిలోమీటర్ల ప్రాంతం వస్తుంది, దానితో ఒకే రోజు రెండూ చూడవచ్చన్న ఊహ సహజంగానే పుడుతుంది. అయితే ఝరాసంగం మంజీరకు దక్షిణాన, జహీరాబాద్ వైపున ఉంది. ఏడుపాయల మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలో, నాగసాన్‌పల్లి దగ్గర, అదే నది మరో పెద్ద మలుపు తిరిగి ఉత్తరంగా సాగే చోట ఉంది. బీదరు వైపు నుంచి తూర్పుగా వచ్చే మంజీర సింగూరు వద్ద జలాశయంగా విస్తరించి, సంగారెడ్డి పక్కనున్న కల్పగూరు బ్యారేజీ దాటిన తరువాత ఉత్తరానికి మళ్ళి, ఘణపురం ఆనకట్ట, ఏడుపాయల మీదుగా నిజాంసాగర్ వైపు పోతుంది. అంటే పటంలో గీసిన ఆ తిన్నని గీతకు సింగూరు జలాశయపు వెనుక నీరు అడ్డం పడుతుంది, వంతెన ఉన్న చోటికి చుట్టు తిరగవలసిందే. అందరికీ తెలిసిన, రాత్రి చీకటి పడ్డా నమ్మదగిన దారి ఝరాసంగం నుంచి 65వ జాతీయ రహదారి పట్టుకుని సంగారెడ్డికి వచ్చి, అక్కడి నుంచి నాందేడ్ వైపు పోయే 161వ జాతీయ రహదారి మీద జోగిపేట చేరి, ఆపైన ఏడుపాయలకు మళ్ళేది. ఈ దారిలో మొదటి భాగం సుమారు 60, రెండవది సుమారు 55 కిలోమీటర్లు. 50 అనుకున్నది 115 అవుతుంది. ఇలాంటి చోట "సమీపంలోనే ఉన్న మరో క్షేత్రం" అని రాసేవారు మోసం చేయాలని రాయరు; పటాన్ని చూసి రాస్తారు, నదిని చూసి రాయరు, అంతే.

మూడవ చిక్కు చివరి మెట్టుది, మూడింటిలోనూ ముఖ్యమైనది ఇదే. దూరం ఎక్కడ ముగుస్తుంది అన్న ప్రశ్నకు మామూలు రోజుల్లో ఆలయ ద్వారం దగ్గర అన్నదే సమాధానం. ఏడుపాయలలో మాత్రం ఆ సమాధానం నెలను బట్టి మారుతుంది. మంజీర ఏడు పాయలుగా చీలి, కొంత దూరం పోయి మళ్ళీ ఒకటయ్యే రాతినేలలో, ఆ పాయల నడుమ అమ్మవారి ఆలయం ఉంది. జనమేజయుడి సర్పయాగంతోనూ సప్తర్షుల పేర్లతోనూ ఈ ఏడు పాయలను ముడిపెట్టే కథ స్థలపురాణంలో ఉంది. భౌగోళికంగా చూస్తే అవి బండరాళ్ల మధ్య నది తనకు తాను వెతుక్కున్న ఏడు దారులు. ఎగువన ఘణపురం ఆనకట్ట పొంగినప్పుడు అన్నీ కలిసి ఒకే ప్రవాహమవుతాయి. వానాకాలంలో సింగూరు నిండి గేట్లు ఎత్తినప్పుడు ఈ నీరు గర్భగుడి ముందుకు వస్తుంది, ఒక్కోసారి గర్భగుడిలోకీ చేరుతుంది. అప్పుడు మూలమూర్తి దర్శనం ఆపి, ఉత్సవ విగ్రహాన్ని రాజగోపురం దగ్గర ఉంచి పూజలు జరపడం ఇక్కడి పద్ధతి. 2025 ఆగస్టు చివరలో మెదక్, కామారెడ్డి జిల్లాలను ముంచెత్తిన వానల కాలంలోనూ ఇదే జరిగింది. పటాన్‌చెరు నుంచి గోపురం వరకు ఉన్న 80 కిలోమీటర్లు ఆ రోజుల్లోనూ 80గానే ఉంటాయి, కాని గోపురం నుంచి గర్భగుడికి ఉన్న ఆ కొద్దిపాటి నడక దాటరానిదవుతుంది. ఆగస్టులో, సెప్టెంబరులో బయలుదేరేవారికి దూరం మాత్రమే చెప్పి ఈ సంగతి చెప్పని వివరణ సగం దారి వరకే చెప్పినట్టు.

ఇక్కడ వాన గురించి ఒక సూక్ష్మం గమనించాలి. సంగారెడ్డిలో ఎండ కాస్తున్నంత మాత్రాన ఏడుపాయలలో నీరు లేనట్టు కాదు. మంజీర మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టి, కర్ణాటక మీదుగా తెలంగాణలోకి వస్తుంది. ఎగువ రాష్ట్రాల్లో కురిసిన వాన సింగూరుకు చేరి, అక్కడ నిల్వ అయి, గేట్లు ఎత్తిన తరువాతే కిందికి వస్తుంది. అందువల్ల పటాన్‌చెరులో ఆకాశం చూసి యాత్ర నిర్ణయించుకోవడం కంటే సింగూరులో నీటిమట్టం, వదులుతున్న నీటి పరిమాణం చూసి నిర్ణయించుకోవడం మేలు. వానాకాలంలో ఈ వార్తలు జిల్లా పత్రికల్లో రోజూ వస్తాయి. వివరణలో "జూన్ నుంచి అక్టోబరు వరకు వెళ్ళే ముందు సింగూరు గేట్ల సంగతి తెలుసుకోవాలి" అన్న ఒక్క వాక్యం పెడితే, "వర్షాకాలంలో జాగ్రత్త" అన్న సాధారణ హెచ్చరిక కంటే ఎన్నో రెట్లు ఉపయోగపడుతుంది, ఎందుకంటే ఎవరిని ఏమడగాలో అది చెబుతుంది.

ఎండాకాలపు అసత్యం ఇంకో రకం. ఏడుపాయల గురించిన వివరణల పక్కన ఎప్పుడూ నీరు నిండుగా పారుతున్న చిత్రమే కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో, ముఖ్యంగా ముందటి సంవత్సరం వానలు తక్కువైనప్పుడు, ఆ ఏడు పాయలలో ఎక్కువ భాగం కాలే రాళ్లే మిగులుతాయి. ఈ ప్రాంతంలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజుల్లో చెప్పులు విడిచి ఆ బండల మీద నడవడం పిల్లలకు, వృద్ధులకు నిజంగా కష్టం. శివరాత్రి జాతరకు సైతం నదిలో సహజంగా నీరు ఉంటుందన్న నమ్మకం లేదు. జాతరలో భక్తుల స్నానాల కోసం సింగూరు నుంచి నీరు వదలడం కొన్నేళ్లుగా ఆనవాయితీగా వస్తోంది. ఈ మాట చెప్పడం వల్ల క్షేత్రపు గౌరవం తగ్గదు. పైగా ఒక నదీ తీర్థంలో నీరు ఉండటం ఇప్పుడు ఋతువుతో పాటు జలాశయ నిర్వహణ మీద కూడా ఆధారపడి ఉందన్నది యాత్రికుడు తెలుసుకోదగిన సంగతి.

స్నానం మాట వచ్చినప్పుడు ఈ పారిశ్రామిక ప్రాంతపు రచయిత దాటవేయకూడని మరో విషయం ఉంది. పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడల నుంచి వచ్చే నక్కవాగు మంజీరలోనే కలుస్తుంది. ఆ వాగు పరీవాహకంలోని గ్రామాల బావులు, పొలాలు రసాయన వ్యర్థాలతో పాడైన కథ 1990లో సుప్రీంకోర్టు వరకు వెళ్ళిన వ్యాజ్యంతో దేశానికంతటికీ తెలిసింది. వ్యర్థజలాలను శుద్ధి చేసి నగరం వైపు పైపులైను ద్వారా తరలించే ఏర్పాటు తరువాత వచ్చింది. ఏడుపాయల ఆ సంగమానికి దిగువన ఉంది. ఫలానా రోజు నీరు ఎలా ఉందో పరీక్ష చేయకుండా ఎవరూ చెప్పలేరు కాబట్టి, నది కలుషితమని తీర్పు చెప్పడం గాని, "స్వచ్ఛమైన పావన జలాల్లో స్నానం" అని రాయడం గాని రెండూ తగవు. పుణ్యస్నానం ఆచారమని చెప్పి, గట్టున నల్లా నీటితో స్నానం చేసే వీలును కూడా ప్రస్తావిస్తే సరిపోతుంది.

ఝరాసంగంలో ఋతువు సమస్య ఇంతటిది కాదు. కేతకీ సంగమేశ్వరాలయం నది పాయల మధ్య లేదు, సింగూరు గేట్లతో దానికి సంబంధం లేదు. ఆలయం వెనుక ఉన్న అమృతగుండం అనే నీటి కుండంలో స్నానం చేసి కుపేంద్రుడనే రాజు చర్మవ్యాధి నుంచి విముక్తుడయ్యాడని, ఆ నీటిలో కాశీ నుంచి ఒక ధార వచ్చి కలుస్తుందని భక్తుల విశ్వాసం. ఇతర శివాలయాలలో నిషిద్ధమైన కేతకీ పుష్పం, అంటే మొగలి పువ్వు, ఇక్కడ పూజకు అర్హమైనదని చెప్పే కథ ఈ క్షేత్రానికి ప్రత్యేకతను ఇచ్చింది. వివరణ రాసేవారు ఇక్కడ ఒక గీత గుర్తుంచుకోవాలి. "అని విశ్వాసం" అన్న రెండు మాటలు ఉన్నంత వరకు అది సంప్రదాయ కథనం. ఆ మాటలు తీసేసి "చర్మవ్యాధులు నయమవుతాయి" అని రాస్తే అది వైద్య వాగ్దానమవుతుంది. మహిమల పేరుతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనలను నియంత్రించే 1954 నాటి చట్టం అటుంచి, చికిత్స మానేసి ఆ మాట నమ్మి వచ్చే ఒక్క రోగి విషయంలోనైనా రాసినవారికి బాధ్యత ఉంటుంది.

ఝరాసంగంలో కాలం ప్రభావం చూపేది రద్దీ రూపంలో. మహాశివరాత్రికి, కార్తీకమాసంలో, అమావాస్య రోజుల్లో కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా భక్తులు వస్తారు. ఈ రోజులు ఇంగ్లీషు తేదీలలో ఏటా ఒకే చోట నిలవవు. చాంద్రమానం సూర్యుడి ఏడాది కంటే సుమారు 11 రోజులు చిన్నది కావడం, ఆ తేడా సరిచేయడానికి రెండు మూడేళ్లకొకసారి అధికమాసం రావడం వల్ల పండుగలు నెల మేర ముందుకూ వెనక్కూ ఊగుతాయి. మహాశివరాత్రి 2024లో మార్చి 8న, 2025లో ఫిబ్రవరి 26న, 2026లో ఫిబ్రవరి 15న వచ్చింది. 2026 జ్యేష్ఠమాసం అధికం కావడంతో 2027లో అది తిరిగి మార్చి 6కు జరుగుతుంది. కాబట్టి "ఫిబ్రవరి చివరి వారం రద్దీగా ఉంటుంది" అని ఒక ఏడాది చూసి రాసిన వివరణ మరుసటి ఏడాదికే తప్పవుతుంది; పండుగ పేరు రాసి, పక్కన ఆ ఏటి తేదీ రాస్తే పాతబడినట్టు చదివేవారికే తెలుస్తుంది. 2026లో శివరాత్రి ఆదివారం నాడే వచ్చింది. ఆ వారాంతంలో ప్రశాంతమైన యాత్ర అని చెప్పిన ప్రకటన ఏదైనా పంచాంగం చూడకుండా రాసినదే.

వారాంతం అన్న మాట కూడా పటాన్‌చెరు, పాశమైలారం ప్రాంతంలో విచారించి వాడవలసినది. ఐటీ కార్యాలయాలకు శని, ఆదివారాలు రెండూ సెలవు. ఫ్యాక్టరీ కార్మికుడికి చట్టం వారానికి ఒక్క రోజు సెలవును మాత్రమే హామీ ఇస్తుంది, యంత్రాలు నిరంతరం నడిచే చోట ఆ వీక్లీ ఆఫ్ ఆదివారమే కావాలని లేదు. వరుసగా రెండు రోజులు దొరకాలంటే సెలవు పెట్టుకోవాలి, లేదా తోటివాడితో షిఫ్టు మార్చుకోవాలి. ఈ ప్రాంతపు చదువరి కోసం రాసే యాత్రా వివరణ రెండు రోజుల పథకంతో పాటు, ఒక్క సెలవు దినంలో సాధ్యమయ్యే సగభాగాన్ని కూడా విడిగా చూపాలి. రాత్రి షిఫ్టు దిగి నేరుగా బండి ఎక్కడం సాధ్యమే అయినా ప్రమాదకరం. లారీలు, కంపెనీ బస్సులు కిక్కిరిసే రహదారి మీద నిద్రలేమితో నడపడం గురించి చిన్న హెచ్చరికకైనా ఆ వివరణలో చోటుండాలి. షిఫ్టులు మారే ఉదయపు, సాయంత్రపు వేళల్లో ఇస్నాపూర్, రుద్రారం మధ్య కొద్ది కిలోమీటర్లకే పట్టే సమయం, సదాశివపేట దాటాక ఖాళీ రోడ్డు మీద అంతే దూరానికి పట్టే సమయం ఒకటి కావు. దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం అవసరం, గంటలలో కూడా చెప్పడం అంతకంటే అవసరం.

ఈ అంశాలన్నిటినీ ఒక నిర్దిష్టమైన యాత్రకు అన్వయించి చూడవచ్చు. మొదటి రోజు ఉదయం ఆరున్నరకు పటాన్‌చెరు నుంచి బయలుదేరితే, సంగారెడ్డి చౌరస్తా వరకు సుమారు 25 కిలోమీటర్లు. ఆ తరువాత సదాశివపేటకు వెళ్ళే దారిలోనే నందికంది ఉంది. చాళుక్యుల కాలపు రామలింగేశ్వరాలయం, నక్షత్రాకారపు తలంతో, చెక్కిన స్తంభాలతో అక్కడ నిలిచి ఉంది. శిల్పం మీద ఆసక్తి ఉన్నవారికి ఇది ఈ యాత్ర మొత్తంలో అతి విలువైన మజిలీ, కాని మహిమల మాట లేనందువల్ల కాబోలు చాలా ప్రకటనలు దీని పేరు కూడా ఎత్తవు. అక్కడ ముప్పావు గంట గడిపి ముందుకు సాగితే, సంగారెడ్డి చౌరస్తా నుంచి లెక్కించి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఝరాసంగం వస్తుంది. మధ్యాహ్న విరామానికి ముందే దర్శనం ముగించుకోవచ్చు. తిరిగి 60 కిలోమీటర్లు వచ్చి సంగారెడ్డిలో రాత్రి బస. రెండవ రోజు జోగిపేట మీదుగా 55 కిలోమీటర్లు ఏడుపాయలకు, దర్శనం తరువాత అదే దారిన 80 కిలోమీటర్లు పటాన్‌చెరుకు. 25, 60, 60, 55, 80 కలిపితే 280. పక్క దారులు, పెట్రోలు బంకు, భోజనం కోసం ఊళ్ళోకి మళ్ళడం వంటివాటికి మరో 20 కలుపుకుని 300 అనుకోవడం నిజాయితీగల అంచనా. ఇక్కడ అంకెలన్నీ అయిదుకు సరిచేసినవే, 57.3 కిలోమీటర్లని రాయడం కచ్చితత్వంలా కనిపిస్తుంది గాని, ఊళ్ళో ఏ చౌరస్తా నుంచి కొలిచారో చెప్పనప్పుడు ఆ దశాంశానికి అర్థం లేదు.

ఇదే యాత్రకు తరచుగా కనిపించే ధోరణిలో శీర్షిక పెడితే "హైదరాబాద్‌కు కూతవేటు దూరంలో ఒక్కరోజులో చూడదగ్గ మహిమాన్విత క్షేత్రాలు" అని ఉంటుంది. అందులో దూరానికి అంకె లేదు, బయలుదేరే చోటు నగరమంతా పరచుకుని ఉంది, ఒక్కరోజు అన్న మాట నది మలుపులను లెక్కలోకి తీసుకోలేదు, ఋతువు ఊసే లేదు. దానికి బదులు "పటాన్‌చెరు నుంచి రెండు రోజుల మంజీర యాత్ర: నందికంది, ఝరాసంగం, ఏడుపాయల, మొత్తం సుమారు 300 కిలోమీటర్లు, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు" అని పెట్టవచ్చు. ఇది పొడవైన శీర్షికే. అయితే ఇందులో తీసేయదగిన మాట ఒక్కటీ లేదు: ఎక్కడి నుంచి, ఎన్ని రోజులు, ఏ క్రమంలో, ఎంత, ఎప్పుడు అన్న అయిదు ప్రశ్నలకూ జవాబుంది. చోటు చాలనప్పుడు ముందుగా వదలవలసింది "మంజీర యాత్ర" అన్న అలంకారాన్నే గాని, బయలుదేరే ఊరినో నెలలనో కాదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అన్న హద్దును కూడా సమర్థించుకోవాలి. నవంబరు నాటికి నైరుతి వానలు వెనుదిరిగి, సింగూరు గేట్లు ఎత్తే అవకాశం బాగా తగ్గుతుంది. నదిలో ఇంకా కొంత నీరు ఉంటుంది, ఎండ తీవ్రత ఉండదు. ఫిబ్రవరి దాటితే శివరాత్రి జాతర ముగిసినా, ముగియకపోయినా, మధ్యాహ్నపు ఎండ బండల మీద నడకను కుదించేస్తుంది. ఈ నాలుగు నెలల లోపలే కార్తీక సోమవారాలు, కొన్ని ఏళ్లలో శివరాత్రి కూడా వస్తాయి కనుక "అనువైన కాలం" అన్న మాటను "ఖాళీగా ఉండే కాలం" అని చదువరి పొరబడకుండా వివరణ చూసుకోవాలి. జాతర కోసమే వెళ్ళాలనుకునేవారికి ఆ రద్దీయే యాత్ర. ఏడుపాయలలో మూడు రోజుల జాతరకు ఆర్టీసీ ప్రత్యేక బస్సులు నడుపుతుంది, వాహనాలను ఆలయానికి దూరంగా నిలిపివేస్తారు కాబట్టి అలాంటివారికి చివరి నడకను విడిగా చెప్పాలి.

వివరణ ఇలా ఉండవచ్చు: "దూరాలన్నీ పటాన్‌చెరు నుంచి, రోడ్డు మీద, అయిదు కిలోమీటర్లకు సరిచేసినవి. మొదటి రోజు నందికంది చూసుకుని ఝరాసంగం (85), సంగారెడ్డిలో బస. రెండవ రోజు ఏడుపాయల, తిరుగు ప్రయాణం. ఒక్క రోజే సెలవు ఉన్నవారు రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవాలి. ఒకే రోజున రెండూ చూడాలనుకుంటే దర్శనం కంటే ప్రయాణానికే ఎక్కువ సమయం పోతుంది. వానాకాలంలో ఏడుపాయలలో గర్భగుడి దర్శనం ఉందో లేదో, సింగూరు గేట్లు ఎత్తారో లేదో కనుక్కుని బయలుదేరాలి. వేసవిలో నదిలో నీరు ఉండకపోవచ్చు. 2027లో మహాశివరాత్రి మార్చి 6న. జాతర జరిగే మూడు రోజులు ఈ ప్రణాళిక వర్తించదు." ఇందులో ఎక్కడా మహిమ మాట లేదని కొందరికి లోటుగా అనిపించవచ్చు. కథకు, భక్తికి స్థలం ఆ తరువాత వచ్చే వ్యాస భాగంలో పుష్కలంగా ఉంది. ఈ శీర్షికనూ వివరణనూ చదివి బయలుదేరినవారు గుడి దాకా చేరగలిగితేనే ఆ భాగం వారికి పనికొస్తుంది.

డబ్బు తీసుకుని యాత్రలు నడిపేవారు రాసే వివరణలకు ఇంకో పొర ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదారి పట్టించే ప్రకటనను నిర్వచించి శిక్షార్హం చేసింది, దాని కింద 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు వెలువరించింది. ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం కూడా ఆ నిర్వచనంలోకి వస్తుంది. సెప్టెంబరులో ఏడుపాయల గర్భగుడి దర్శనానికి సీట్లు అమ్ముతూ, అక్కడ దర్శనం ఆగిపోయిందని తెలిసీ చెప్పకపోతే అది వ్యాపార చతురత కాదు, చట్టం దృష్టిలో దోషం. ఊరికే రాసే వ్యాసకర్తకు ఈ చట్టం వర్తించకపోవచ్చు, కాని కుటుంబంతో వెళ్ళి గోపురం దగ్గర ఆగిపోయిన యాత్రికుడికి ఎవరి మాట నమ్మి వచ్చినా కలిగే నష్టం ఒకటే.

ఇలాంటి వివరణ ఒకసారి రాసి వదిలేస్తే చాలదు. ఇందులో మారేవి, మారనివి వేరుచేసి ఉంచుకుంటే తిరగరాయడం తేలికవుతుంది. నందికంది తలం, ఝరాసంగం దిక్కు, నది మలుపు మారవు. కొత్త వంతెనో బైపాసో వచ్చినప్పుడు రోడ్డు దూరాలు మారతాయి. పండుగ తేదీలు ఏటా ఉగాదికి, పంచాంగం రాగానే సవరించుకోవాలి. సింగూరు గేట్ల వాక్యంలో మాత్రం అంకె పెట్టకూడదు. దాన్ని రోజువారీ వార్త చూసుకోమని చదువరికే అప్పగించాలి. వివరణ చివర "ఫలానా నెలలో సరిచూసినది" అని రాసి ఉంచితే, రెండేళ్ల తరువాత ఆ కాగితం చేతికి వచ్చినవారు శివరాత్రి తేదీని దాని నుంచి కాక ఆ ఏటి పంచాంగం నుంచి తీసుకుంటారు.